800 మీటర్లలో బయటి లేన్ ముందెందుకు? అపోహలు - వాస్తవాలు

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల స్కూల్ మీట్లలో సున్నంతో గీసిన ఆరు లేన్ల ట్రాక్‌నే లెక్కకు తీసుకుందాం. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, స్ట్రెయిట్ 84.39 మీటర్లు, లోపలి అంచుకు కర్బ్, అంటే ఎత్తుగా ఉండే గట్టు, లేదు.

అపోహ: ఆరో లేన్ పిల్లవాడు ముందు నిలబడ్డాడు కాబట్టి వాడికి లాభం.

స్ట్రెయిట్‌లో అన్ని లేన్లూ సమానమే. తేడా వచ్చేది మలుపులోనే. అర్ధచంద్రాకారపు మలుపులో ఒక్కో లేన్ బయటికి జరిగితే 3.14 × 1.22, అంటే 3.83 మీటర్లు ఎక్కువ పరుగెత్తాలి. ఆరో లేన్‌కు అది ఐదింతలు, 19.16 మీటర్లు. ముందు నిలబెట్టేది ఆ అదనపు దూరాన్ని తీసేయడానికే. ఇలా ముందుకు జరిపే దూరమే స్టాగర్.

అపోహ: 800 అంటే రెండు రౌండ్లు, కాబట్టి 400 స్టాగర్‌కు రెట్టింపు ఇవ్వాలి.

గ్రౌండ్‌లో ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. 400లో చివరిదాకా ఎవరి లేన్‌లో వాళ్లే ఉంటారు, రెండు మలుపులూ లెక్కలోకి వస్తాయి, ఆరో లేన్‌కు 38.33 మీటర్లు. 800లో లేన్ కట్టుబాటు మొదటి మలుపు వరకే. అది దాటాక బ్రేక్ లైన్ వస్తుంది, అక్కడినుంచి అందరూ లోపలికి వచ్చేయొచ్చు. మిగిలిన మూడు మలుపులూ అందరికీ ఒకటే దారి. అందుకే రెట్టింపు కాదు, ఒక్క మలుపు స్టాగరే.

దానికి కాస్త కలపాలి. ఆరో లేన్ నుంచి మొదటి లేన్‌కు రావాలంటే అడ్డంగా 6.10 మీటర్లు జరగాలి. స్ట్రెయిట్ పొడవునా ఏటవాలుగా వస్తే దారి 22 సెంటీమీటర్లు పెరుగుతుంది. మొత్తం 19.38 మీటర్లు. ఇక 400 గీతల మీదే 800 స్టార్ట్ ఇచ్చేస్తే ఆరో లేన్ వాడు దాదాపు 19 మీటర్లు తక్కువ పరుగెత్తుతాడు. 2 నిమిషాల 10 సెకన్ల రన్నర్‌కు అది మూడు సెకన్లు. మలుపు దాటగానే బయటి లేన్ల వాళ్లు వరసగా ముందుంటే, పిల్లల్ని మెచ్చుకోవడానికి ముందు గీతలు చూడండి.

అపోహ: స్టేడియం స్టాగర్ పట్టికలోని అంకెలు ఏ గ్రౌండ్‌కైనా సరిపోతాయి.

ఆ పట్టిక కర్బ్ ఉన్న ట్రాక్‌ది. అక్కడ మొదటి లేన్‌ను కర్బ్ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, మిగతావాటిని లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. అందుకే 800లో రెండో లేన్ స్టాగర్ 3.53 మీటర్లే. కర్బ్ లేకపోతే మొదటి లేన్‌కూ 20 సెంటీమీటర్లే, కాబట్టి రెండో లేన్‌కు 3.84 రావాలి. పట్టిక చూసి గీస్తే బయటి లేన్లన్నిటికీ 31 సెంటీమీటర్ల దాకా నష్టం.

టేపును కూడా ఆ 20 సెంటీమీటర్ల రేఖ వెంట వంపుగా పరచాలి. బిగించి నేరుగా లాగితే గీత ముందుకు జరిగిపోతుంది.

అపోహ: బ్రేక్ లైన్ దాటగానే లోపలికి దూకినవాడికే లాభం.

ఆరో లేన్ నుంచి 20 మీటర్లలోనే లోపలికి వచ్చేస్తే అదనపు దూరం 22 కాదు, 91 సెంటీమీటర్లు. పైగా అందరూ గుమిగూడేది అక్కడే, మోచేతులు తగిలేదీ అక్కడే. రెండో మలుపు మొదలయ్యే చోటును చూస్తూ స్ట్రెయిట్ అంతా వాడుకుని నెమ్మదిగా లోపలికి రావాలని నేర్పండి.