అపోహలు - వాస్తవాలు: జ్వరం తగ్గినా ఆగని పీడకలలు

వర్షాకాలం వెళ్ళేసరికి గుంటూరులోని మా ఓపీకి వారానికి ఒకరిద్దరైనా ఒకే ఫిర్యాదుతో వస్తారు: "జ్వరం తగ్గి మూడు వారాలైంది, కలలు మాత్రం తగ్గలేదండీ." వారిలో నేరుగా ఊపిరితిత్తుల వైద్యుడి దగ్గరికి వచ్చేవారు తక్కువ. ముందు మెడలో తాయెత్తు, తరువాత మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర, ఆ రెండూ అయ్యాక ఎవరో చెబితే నేను. తాయెత్తుతో నాకు పేచీ లేదు, అది ఊపిరికి అడ్డుపడదు. నా గొడవంతా ఆ నిద్రమాత్రతోనే.

అపోహ: జ్వరం తలకెక్కడం వల్లే భయంకరమైన కలలు వస్తాయి.

ఒళ్ళు కాగుతున్నప్పుడు నిద్ర మాటిమాటికీ చెదిరిపోతుంది. కల మధ్యలో మెలకువ వస్తే ఆ కల గుర్తుండిపోతుంది, రాకపోతే తెల్లవారేసరికి చెరిగిపోతుంది. గోడలు దగ్గరకు జరుగుతున్నట్టు, గుండుసూదంత వస్తువు కొండంతై మీదికి వస్తున్నట్టు అనిపించే ఆ కలలు మెదడు దెబ్బతిన్నదనడానికి గుర్తు కావు, సాధారణంగా జ్వరంతో పాటే పోతాయి. అయితే రోగి కళ్ళు తెరిచి కూర్చున్నాక కూడా గదిలో లేని మనిషితో మాట్లాడుతున్నా, ఇంట్లోవారిని పోల్చుకోలేకపోతున్నా, మెడ బిగుసుకుపోయినా దాన్ని కల అనుకోకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అపోహ: ఊపిరాడని కల మనసులోని దిగులు వల్ల వస్తుంది, నిద్రమాత్ర వేసుకుంటే పోతుంది.

మనుషులకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే 52 ఏళ్ళ ఆయన ఒకరు భార్యతో కలిసి వచ్చారు. నాలుగు రోజుల వైరల్ జ్వరంలో మొదలైన కల జ్వరం పోయాక కూడా వస్తూనే ఉంది. వరుసగా పేర్చిన మిర్చి బస్తాలు, అంటే టిక్కీలు, కూలిపోయి మీద పడతాయి, ఒక టిక్కీ సరిగ్గా ఛాతీ మీద నిలుస్తుంది, హమాలీలను పిలుద్దామని నోరు తెరిస్తే నోటినిండా కారం. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో ఎగిరిపడి లేచి కూర్చునేవారు, నాలుక అట్టలా ఎండిపోయి ఉండేది. యార్డులో ఆ ఏడు ధర పడిపోవడంతో కలిగిన దిగులే దీనికి కారణమని బంధువులు తేల్చేశారు. అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర మొదలుపెట్టాక కలలు నిజంగానే తగ్గాయి. కానీ పగలు కాటా దగ్గర కూర్చున్నచోటే కునికిపాట్లు, ఉదయాన్నే తలనొప్పి, రాత్రికి మూడుసార్లు మూత్రానికి లేవడం మొదలయ్యాయి. షుగరేమోనని చేయించిన పరీక్షలో ఏమీ లేదు.

నేను కలను కాసేపు పక్కన పెట్టి గురక గురించి అడిగాను. "పదేళ్ళుగా ఉందండీ, దానికి అలవాటు పడ్డాం. ఇప్పుడు మధ్యలో గురక ఆగిపోతోంది, అప్పుడే నాకు భయం వేస్తోంది" అని ఆవిడ అన్నారు. వాళ్ళబ్బాయి ఫోనులో తీసిన వీడియోలో గురక ఆగిన తరువాత 36 సెకన్ల పాటు ఏ శబ్దమూ లేదు, ఛాతీ మాత్రం ఎగసిపడుతూనే ఉంది. ఆ తరువాత నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి పెద్దగా గాలి పీల్చుకున్నారు.

స్లీప్ స్టడీలో గంటకు సగటున 28 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరిగినట్టు తేలింది. ఐదు లోపు ఉంటే మామూలుగా లెక్క, 30 దాటితే తీవ్రం. అయితే నేను ముందుగా చూసేది సగటును కాదు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఆయనకు అదే సంఖ్య 54, ఆ సమయంలో ఆక్సిజన్ 71 శాతానికి పడిపోయింది. రెమ్ నిద్రలో మనం కలలో పరిగెత్తినా మంచం దిగకుండా ఉండేందుకు మెదడు కండరాలన్నిటినీ దాదాపు వదులు చేసేస్తుంది. ఊపిరి లాగే డయాఫ్రమ్‌కు ఆ బాధ లేదు కానీ, గొంతును తెరిచి ఉంచే కండరాలు కూడా సడలిపోతాయి కనుక అప్పటికే ఇరుకుగా ఉన్న గొంతు మూసుకుపోతుంది. రాత్రి చివరి భాగంలో రెమ్ నిద్ర ఎక్కువ, అందుకే ఆ నాలుగు గంటల వేళ. నిజంగానే ఆగిపోతున్న ఊపిరికి నిద్రలోని మెదడు ఒక కథ అల్లుకుంటుంది, యార్డు మనిషికి అది టిక్కీలైతే కృష్ణ ఒడ్డున పెరిగినవారికి సుడిగుండం కావచ్చు. జ్వరం చేసినదల్లా ముక్కు మూసుకుపోయేలా చేసి, ఉన్న జబ్బును, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే ఆప్నియాను, బయటపెట్టడమే.

ఇక మాత్ర సంగతి. అల్ప్రాజోలం రెమ్ నిద్రను కొంత అణచివేస్తుంది, ఊపిరి ఆగినప్పుడు కాపాడే మెలకువను ఆలస్యం చేస్తుంది, గొంతు కండరాలను ఇంకా సడలించగలదు. ఆయన విషయంలో కల తగ్గిందంటే హెచ్చరిక ఆగిందనే అర్థం, ఊపిరి ఆగడం తగ్గిందని కాదు. అలాగని దాన్ని ఒక్కరోజులో మానేయకూడదు, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకోవాలి.

అపోహ: సిపాప్ మిషన్ పెట్టుకుంటే కలలు ఇంకా ఎక్కువవుతాయి.

మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి నిద్రలో గొంతును తెరిచి ఉంచే మిషన్ ఇది. మొదటి వారం కలలు ఎక్కువ కావచ్చు. ఈ యార్డు వ్యాపారి కూడా నాలుగో రోజున "రాత్రంతా కలలే, మాస్కు తీసేశాను" అని ఫోను చేశారు. ఎన్నో ఏళ్ళు తునకలైన రెమ్ నిద్ర, గొంతు తెరుచుకోగానే బాకీ తీర్చుకుంటున్నట్టు విరివిగా వస్తుంది. అవి పొడుగాటి కలలు, కానీ లేచాక గస ఉండదు, ఒళ్ళు తేలికగా ఉంటుంది. గస కూడా ఉంటే మాస్కు పక్కలనుంచి గాలి పోతోందో, ప్రెషర్ చాలడం లేదో మిషన్‌లోని రికార్డు చూసి సరిచేయాలి. ఆయనకు టిక్కీల కల రెండో వారానికి ఆగింది.

మా నాన్నగారిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. "నాకు కలలే రావురా, నిశ్చింతగా పడుకుంటాను" అని గర్వంగా చెప్పుకునేవారు, తెనాలి ఇంట్లో ఆయన గురకకు వీధి గది తలుపు అదిరేది. ఆయనది తీవ్రమైన ఆప్నియా అని 61వ ఏట తేలింది. కల మొదలయ్యే ప్రతిసారీ ఊపిరి ఆగి నిద్ర చెదురుతుంటే ఇక కల నిలిచేదెక్కడ? మిషన్ పెట్టిన మూడో రాత్రి, ఎప్పుడో పోయిన మా నాయనమ్మ పెరట్లో కూర్చుని పప్పు చెరుగుతూ కనిపించిందని పొద్దున్నే మా అమ్మను లేపి మరీ చెప్పారు. ఆప్నియా ఉన్న ప్రతి ఒక్కరికీ ఊపిరాడని కలే వస్తుందని కూడా అనుకోకూడదన్నది అందుకే.

మిగిలినవి రెండు మాటల్లో. మెలకువ వచ్చినా కాలూచెయ్యీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం నిద్ర పక్షవాతం, అది దయ్యమూ కాదు, పక్షవాతమూ కాదు, చాలావరకు నిద్ర చాలకపోవడమే. పెద్ద వయసులో ఎవరితోనో కొట్లాడుతున్నట్టు కలగంటూ పక్కన పడుకున్నవారిని నిజంగానే గుద్దుతుంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించాలి, ఎందుకంటే కొందరిలో అది పార్కిన్సన్ జబ్బుకు ఏళ్ళ ముందు వచ్చే సూచన. తీవ్రమైన ఆప్నియా కూడా అచ్చం అలాగే కనిపించగలదు కాబట్టి అక్కడా స్లీప్ స్టడీ తప్పదు. జలుబుకు వాడే మాత్రలో మాంటెలూకాస్ట్ ఉండి, కలలు దానితోనే మొదలైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

నా దగ్గరికి వచ్చేవారు వీడియో తీసుకురావాలనుకుంటే పడుకోగానే తీసింది పెద్దగా పనికిరాదు. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య, వెల్లకిలా పడుకున్నప్పుడు, దుప్పటి తొలగించి ఛాతీ, పొట్ట, నోరు మూడూ కనిపించేలా ఐదు నిమిషాలు తీస్తే చాలు.