తాళం వేసిన అల్మరాలో ఉన్నా జరిమానా తప్పలేదు

బడిలో ముఖ హాజరు గురించి మాట్లాడితే స్వీడన్ ఉత్తరాన ఉన్న షెలెఫ్తెయో పట్టణం నుంచి మొదలుపెట్టాలి. 2018లో అక్కడి ఒక హైస్కూల్ 22 మంది విద్యార్థులతో మూడు వారాల పాటు దీన్ని ప్రయోగించి చూసింది. పిల్లలు క్లాసులోకి అడుగుపెడుతుంటే కెమెరా ముఖం చూసి హాజరు వేసేది. టీచర్లు పేర్లు పిలవడానికే ఏడాదికి 17,280 గంటలు పోతున్నాయన్నది స్కూల్ బోర్డు లెక్క.

వాళ్లు అజాగ్రత్తగా చేశారనడానికి లేదు. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నారు, వద్దన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఫొటోలు, పేర్లు ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో పెట్టి, దాన్ని అల్మరాలో ఉంచి తాళం వేశారు. అయినా 2019 ఆగస్టులో డేటా రక్షణ సంస్థ 2 లక్షల క్రోనర్ల జరిమానా వేసింది. మార్కులు వేసేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ బడే కాబట్టి ఆ బడి అడిగితే ఇచ్చే ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చినట్టు కాదని తేల్చింది. హాజరు వేయడానికి ఇంతకంటే తేలిక మార్గాలున్నాయనీ, నష్టాల అంచనా ముందే వేయలేదనీ తప్పుపట్టింది. నాకు తోచినంతలో మొదటి కారణమే గట్టిది. ఎన్ని తాళాలు వేసినా దానికి జవాబు దొరకదు.

కచ్చితత్వం మాటకొస్తే, నమోదు రోజు తీసిన కొన్ని ఫొటోల నుంచి సాఫ్ట్‌వేర్ ప్రతి ముఖానికీ ఒక అంకెల వరుస తయారుచేస్తుంది. కెమెరాకు దొరికిన ముఖాన్ని ఆ వరుసలతో పోల్చి, పోలిక ఒక గీత దాటితే 'ప్రెజెంట్' వేస్తుంది. గీత తగ్గిస్తే ఒకరి హాజరు ఇంకొకరికి పడుతుంది, పెంచితే ఎదురుగా నిలబడ్డ పిల్లాడికే ఆబ్సెంట్ పడుతుంది. ఒక్కో పోలికలో పొరపాటు 10,000కు ఒకటి అనుకుందాం. 30 మంది క్లాసులో వెతికితే, వేరేవాళ్ల ముఖం పొరపాటున సరిపోయే అవకాశం వెయ్యికి మూడు. 600 మంది ఉన్న బడి మొత్తంలో వెతికితే అదే వందకు ఆరు. అందుకే ముందు సెక్షన్ ఎంచుకుని వెతకాలి. పైగా పిల్లల విషయంలో ఇలాంటి తప్పులు ఎక్కువని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లోనే చూపింది. ఎదిగే వయసు కాబట్టి జూన్‌లో తీసిన ఫొటో రెండేళ్లకు పనికిరాకపోవచ్చు. మళ్లీ నమోదు చేయాల్సిందే. కవలల సంగతి సరేసరి.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టీచర్లకు ముఖ హాజరు యాప్ తెచ్చినప్పుడు, సొంత ఫోన్‌లో ఎందుకు వేసుకోవాలని సంఘాలు నిలదీశాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాది. 18 ఏళ్లలోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని అది చెప్తుంది, కొన్ని మినహాయింపులతో. అనుమతి పత్రం చేతికొచ్చిన తల్లి అడగాల్సినవి మూడు: అసలు ఫొటో దాచుతున్నారా, అంకెల వరుస మాత్రమేనా? పిల్లాడు టీసీ తీసుకున్న రోజు అది చెరిపేస్తారా? వద్దంటే పాత రిజిస్టర్‌లోనే పేరు పిలుస్తారా?