ప్లస్సూ మైనస్సూ తెలియని బ్యాండ్లు

మా బాబాయిగారి అబ్బాయి అర్ధరాత్రి ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ఏదో క్రిప్టో కాయిన్ చార్టు. దాని మీద బోలింజర్ బ్యాండ్లు రెండూ దగ్గరకొచ్చి దాదాపు అతుక్కుపోయి ఉన్నాయి. కింద ఒకటే ప్రశ్న: "అన్నయ్యా, స్క్వీజ్ వచ్చేసింది. ఇక పైకే కదా?"

"పైకే కదా" అన్న ఆ రెండు ముక్కల దగ్గరే నా నిద్ర పోయింది. స్క్వీజ్‌లో నిజంగా ఒక సమాచారం ఉంది. కానీ "పైకి" అన్న మాట అందులో లేదు, ఉండే వీలు కూడా లేదు. ఎందుకు లేదో కాగితం మీద 20 అంకెలు వేసుకుంటే తెలిసిపోతుంది.

బ్యాండ్లు ఎలా గీస్తారో ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకెళ్తాను. జాన్ బోలింజర్ 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చార్టులో రోజుకొక క్యాండిల్ అనుకుంటే, చివరి 20 క్యాండిళ్ల క్లోజింగ్ ధరల సగటు మధ్య గీత. బడిలో క్రమవిచలనం అని చదువుకున్నామే, ఆ 20 ధరలకు దాన్ని కట్టి, రెండింతలు చేసి సగటుకు కలిపితే పై బ్యాండ్, తీసేస్తే కింది బ్యాండ్. చార్టు మూలన కనిపించే `BB (20, 2)` అంటే అంతే.

ఇప్పుడు అసలు ఆట. ఒక కాయిన్ 19 రోజులు కదలకుండా 100 దగ్గరే క్లోజైంది అనుకుందాం. బ్యాండ్ల మధ్య దూరం సున్నా, అంతకంటే బిగువైన స్క్వీజ్ ఉండదు. 20వ రోజు 110 దగ్గర క్లోజైంది. సగటు 100.5 అవుతుంది. క్రమవిచలనం 2.18 వస్తుంది. పై బ్యాండ్ సుమారు 104.9కి లేస్తుంది, కింది బ్యాండ్ 96.1కి దిగుతుంది. ఈ కింది బ్యాండ్‌ను ఒకసారి చూడండి. ధర ఏనాడూ 100 కిందికి పోలేదు. అయినా ఆ గీత దాదాపు నాలుగు పాయింట్లు కిందికి జారింది. పైకి గెంతింది ధర, నోరు తెరిచింది మాత్రం రెండు వైపులా.

కారణం వర్గం చేయడంలో ఉంది. క్రమవిచలనం కట్టేటప్పుడు ప్రతి ధరకీ సగటుకీ ఉన్న తేడాను వర్గం చేస్తాం. ప్లస్ 9.5ని వర్గం చేసినా, మైనస్ 9.5ని వర్గం చేసినా వచ్చేది ఒకటే. అంటే ఆ 20వ రోజు ధర 110కి బదులు 90కి పడి ఉంటే బ్యాండ్ల మధ్య దూరం దశాంశాలతో సహా ఇంతే ఉండేది. "మైనస్ గుర్తు పోవడానికి వర్గం చేస్తాం" అని క్లాసులో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు. గుర్తుతో పాటు ఇంకేం పోయిందో ఎవరూ చెప్పరు. దిశ పోయింది. ఒకసారి పారేసిన దిశను బ్యాండ్ వెడల్పులో ఎంత వెతికినా దొరకదు.

ఇంతకంటే నాకు ముచ్చటైన సంగతి దీని తర్వాత ఉంది. ఆ గెంతు అయ్యాక కాయిన్ మళ్లీ కదలడం మానేసి, రోజూ 110 దగ్గరే క్లోజవుతోంది అనుకోండి. బ్యాండ్లు ఏం చేస్తాయి? కదలిక ఆగింది కదా, అవీ ఆగుతాయి అనిపిస్తుంది. ఆగవు. గెంతిన రోజు నుంచి లెక్కపెడితే రెండో రోజు పై బ్యాండ్ 107, నాలుగో రోజు సరిగ్గా 110, పదో రోజుకు 115. కింది బ్యాండ్ అప్పటికి 95 దగ్గర ఉంటుంది. అంటే పది రోజుల పాటు వెడల్పు పెరుగుతూనే పోయింది. చార్టు చూసినవాడు "వోలటిలిటీ పెరుగుతోంది", అంటే ధర ఊగిసలాట పెరుగుతోంది అంటాడు. ధర మాత్రం మొదటి రోజు తర్వాత పైసా కదల్లేదు. లెక్కలోకి వచ్చే చివరి 20 రోజుల కిటికీలో పది పాత వందలూ పది కొత్త నూట పదులూ సమానంగా ఉన్న రోజున క్రమవిచలనం గరిష్ఠంగా ఉంటుంది. అంతే, ఇంకే రహస్యమూ లేదు. పదకొండో రోజు నుంచి బ్యాండ్లు ముడుచుకుంటూ వచ్చి, ఇరవయ్యో రోజుకు మళ్లీ సున్నాకు చేరతాయి. మళ్లీ స్క్వీజ్! కొత్తగా ఏమీ జరగకుండానే.

ఇక బ్యాండ్ వాక్. ధర పై బ్యాండ్‌ను పట్టుకుని మెట్టుమెట్టుగా ఎక్కుతూ పోవడాన్ని అలా అంటారు. పై బ్యాండ్‌ను తాకింది కాబట్టి ధర "ఎక్కువైపోయింది", అమ్మేయాలి అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. బ్యాండ్‌ను తాకడం దానంతట అదే సంకేతం కాదని బోలింజర్ కూడా మొదట్నుంచీ చెబుతున్నాడు. సరే, వాక్ ఎంతకాలం నడుస్తుంది? దీనికీ కాగితం చాలు.

కాయిన్ 100 దగ్గర చాలా రోజులు పడుకుని, తర్వాత రోజుకు కచ్చితంగా ఒక్కో పాయింటు చొప్పున ఎక్కడం మొదలుపెట్టింది అనుకుందాం. 101, 102, 103. ఊగిసలాట లేదు, ఆయాసం లేదు. లెక్క వేస్తే మొదటి 11 రోజులూ క్లోజింగ్ ధర పై బ్యాండ్‌కు బయటే ఉంటుంది. 11వ రోజు ధర 111, బ్యాండ్ 110.9. పన్నెండో రోజు ధర 112, బ్యాండ్ 112.2. ధర లోపలికి వచ్చేసింది. చార్టు చూసేవాళ్లు "వాక్ అయిపోయింది, ఊపు తగ్గింది" అంటారు. ఊపు తగ్గలేదు. అదే రోజుకు ఒక పాయింటు. ధర వేగం మారలేదు కానీ బ్యాండ్ దాన్ని అందుకుంది.

ఇంకా ముందుకు పోతే, కిటికీలోని 20 రోజులూ ఈ మెట్లతోనే నిండాక, ధర సగటుకు 9.5 పాయింట్ల పైన ఉంటుంది. పై బ్యాండ్ మాత్రం 11.5 పైన ఉంటుంది. అంటే సూటిగా, స్థిరంగా పెరిగే ధర పై బ్యాండ్‌ను అసలు తాకదు. ఏడాదంతా అలాగే పెరిగినా తాకదు. కాబట్టి బ్యాండ్ వాక్ చెప్పేది "ధర పెరుగుతోంది" అని కాదు, "ఈ మధ్యే పెరగడం మొదలైంది, లేదా పెరిగే వేగం ఇంకా పెరుగుతోంది" అని. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఎదురు బ్యాండ్ గురించి కూడా ఒక వాడుక మాట ఉంది. ధర పైకి పోతుంటే మొదట కింది బ్యాండ్ కిందికి జారుతుంది, అది మళ్లీ పైకి తిరిగితే ఆ పరుగు ముగిసినట్టే అంటారు. మన మెట్ల కాయిన్‌లో కింది బ్యాండ్ 13 రోజులు కిందికి దిగి 14వ రోజు పైకి తిరుగుతుంది. పరుగు మాత్రం అలాగే ఉంది. నిజమైన చార్టుల్లో ఈ మాట ఒక్కోసారి ఫలిస్తుంది, ఎందుకంటే నిజమైన పరుగులు చాలావరకు అప్పటికే అలసిపోతాయి. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగినట్టు.

మరి బ్యాండ్ వెడల్పు దేన్నీ చెప్పదా? చెబుతుంది. 1963లో బెన్వా మాండెల్‌బ్రో పత్తి ధరలను పరిశీలించి ఒక మాట రాశాడు: పెద్ద కదలికల వెంట పెద్ద కదలికలు, చిన్నవాటి వెంట చిన్నవి వస్తుంటాయి, ఎటువైపు అన్నది మాత్రం చెప్పలేం. 1982లో రాబర్ట్ ఎంగిల్ ఈ గుంపులు కట్టే గుణానికి ఒక గణిత నమూనా ఇచ్చాడు, దానికే 2003లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. కాయిన్ ధరల్లోనూ ఈ గుణం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక పెద్ద క్యాండిల్ పడ్డాక వచ్చే కొన్ని రోజులు కూడా పెద్దగా కదిలే అవకాశం మామూలు కంటే ఎక్కువ. ఇది పనికొచ్చే జోస్యమే. ఎంత పెట్టాలి, నష్టం పెరగకుండా బయటపడే స్టాప్ ఎంత దూరంలో ఉంచాలి అన్నవాటికి పనికొస్తుంది. కొనాలా అమ్మాలా అన్నదానికి కాదు.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. చిన్న కదలికల వెంట చిన్నవే వస్తాయి అంటే, స్క్వీజ్ ఉన్న రోజు మర్నాడు కూడా నిశ్శబ్దంగానే ఉండే అవకాశం ఎక్కువ! నిశ్శబ్దం ఎప్పటికీ సాగదు, వోలటిలిటీ ఎప్పుడో ఒకప్పుడు తన మామూలు స్థాయికి తిరిగి వస్తుంది. కానీ ఆ "ఎప్పుడో" వారమా, రెండు నెలలా అన్నది బ్యాండ్ చెప్పదు.

బిట్‌కాయిన్ రోజువారీ చార్టులో 2018 శరత్కాలం దీనికి మంచి నమూనా. సెప్టెంబరు నుంచి ధర 6,300, 6,500 డాలర్ల చుట్టూ వారాల తరబడి తిరిగింది. అక్టోబరు 15న ఉన్నట్టుండి పైకి ఎగిరింది. స్క్వీజ్ పైకి తెగిందని చాలామంది సంబరపడ్డారు. నిజానికి ఆ రోజు జరిగింది వేరు. ఒక డాలరుకు సమానంగా ఉండాల్సిన టెథర్ అనే కాయిన్ విలువ డాలరు కంటే కిందికి జారింది. టెథర్‌లో ధర చూపే ఎక్స్ఛేంజీల్లో బిట్‌కాయిన్ బాగా పెరిగినట్టు కనిపించింది, డాలర్లలో చూపేచోట్ల అంత పెరగలేదు. పొడవు పెరిగింది కొంతవరకే, మిగతాది స్కేలు కుంచించుకుపోవడం. ధర మళ్లీ పాత చోటికే వచ్చి, బ్యాండ్లు ఇంకా బిగుసుకున్నాయి. నవంబరు 14న, బిట్‌కాయిన్ క్యాష్ అనే ఇంకో కాయిన్ రెండుగా చీలడానికి ముందురోజు, అసలు కదలిక వచ్చింది. అది కిందికి. డిసెంబరు మధ్యకు ధర 3,200 దగ్గరుంది.

అదే బిట్‌కాయిన్ 2020 జులైలో 9,200 చుట్టూ ఇలాగే బిగుసుకుని, నెలాఖరులో 11,000కి ఎగిరింది. 2023లో జులై చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా 29,000 మీద అతుక్కుపోయి, ఆగస్టు 17న 26,000 దాకా పడింది. ఈ మూడు స్క్వీజ్‌లనూ తెగే ముందురోజు దాకా కత్తిరించి పక్కపక్కన పెడితే, ఏది ఎటు పోయిందో బ్యాండ్లను చూసి చెప్పలేరు.

మా తమ్ముడికి ఇదంతా చెప్పలేదు. "పెద్ద కదలిక రావచ్చు, ఎటో తెలీదు, ఎప్పుడో తెలీదు" అని మాత్రం రాశాను. "అయితే ఇది ఎందుకు అన్నయ్యా?" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఇంకో కాయిన్ చార్టు పంపాడు, "చూడు, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత బిగుసుకుందో" అని. ఇవాళ్టి క్యాండిల్ నుంచి వెనక్కి ఇరవై లెక్కపెట్టమన్నాను. కాసేపటికి జవాబు వచ్చింది: "ఇరవయ్యోది పెద్ద ఎర్ర క్యాండిల్, ఆ రోజు ధర బాగా పడింది. దాని ముందువన్నీ చాలా పైన ఉన్నాయి." నిన్నటి దాకా కిటికీలో ఆ పైనున్న రోజుల్లో ఆఖరిది ఉంది, ఇవాళ అదీ బయటికి పోయింది. ఆ కాయిన్‌లో ఇవాళ కొత్తగా జరిగింది ఏమీ లేదు.