బ్యాటరీలో ఉన్న యూనిట్ ధర ఎంత?

ఒక పాఠకుడు అడిగారు: "కరెంటు రాత్రి చవక, సాయంత్రం ప్రియం. రాత్రి బ్యాటరీ నింపుకుని సాయంత్రం వాడుకుంటే ధరల్లో తేడా అంతా నాకు మిగిలినట్టేనా?" తేడా అంతా మిగలదు. ఎంత మిగులుతుందో లెక్క వేయడం మొదలుపెడితే మాత్రం ఆయన అడగని మరో ప్రశ్న బయటపడుతుంది. నాకు అదే ఎక్కువ ఇష్టం.

ఒక్కో దేశంలో ఒక్కో డబ్బు కాబట్టి ఇక్కడ రూకల్లో లెక్క వేద్దాం. రాత్రి యూనిట్ 4 రూకలు, పగలు 6, ఉదయం రద్దీ వేళ 8, సాయంత్రం రద్దీ వేళ 9 అనుకుందాం. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంటికి 10 యూనిట్లు ఇస్తుంది.

బ్యాటరీని గాదె అనుకోండి. గాదెలో పోసిన ధాన్యం పోసినంతా తిరిగి రాదు, కొంత ఎలుకల పాలవుతుంది. ఇక్కడ ఎలుకల పని వేడి చేస్తుంది. గోడలోంచి వచ్చే ఏసీ కరెంటును డీసీగా మార్చి నింపాలి, వాడేటప్పుడు మళ్ళీ ఏసీగా మార్చాలి. రెండు మార్పిడులూ బ్యాటరీ లోపలి నిరోధమూ కలిసి 100 యూనిట్లు పోస్తే 85 తిరిగి వచ్చాయనుకుందాం. అప్పుడు 4 రూకలకు కొన్న యూనిట్ బయటికి వచ్చేసరికి 4.7 పడుతుంది.

ఇంకా గాదె అరుగుదల ఉంది. బ్యాటరీ ఖరీదు 60,000 రూకలై, జీవితకాలంలో 40,000 యూనిట్లు ఇచ్చి అలసిపోతే, ప్రతి యూనిట్ మీదా 1.5 రూకల అరుగుదల పడుతుంది. మొత్తం 6.2. (రోజుకు సగం కూడా వాడని బ్యాటరీ అరిగిపోయే లోపే వయసు మీరి చెడిపోవచ్చు. అలాంటి ఇంట్లో ఈ ఒకటిన్నరను తగ్గించి వేసుకోవాలి.)

ఇప్పుడు ఆ 6.2ను పైన అనుకున్న ధరల పక్కన పెట్టి చూడండి. సాయంత్రం 9 రూకల యూనిట్ బదులు వాడితే 2.8 లాభం. ఉదయం 8 బదులు వాడితే 1.8. పగటి 6 బదులు వాడితే 0.2 నష్టం! చవకగా కొన్నదే అయినా పగలు వాడితే చేతి చమురు వదులుతుంది.

చాలా ఇన్వర్టర్లలో కొత్తలో బ్యాటరీ ఎప్పుడు ఇవ్వాలన్న షెడ్యూలు ఉండదు. చవక వేళ దాటగానే ఇంట్లో ఏది వేసినా బ్యాటరీలోంచి ఇచ్చేస్తాయి. మన ఇంట్లో ఉదయం రద్దీ వేళకు 5 యూనిట్లు, సాయంత్రం రద్దీ వేళకు 7 కావాలనుకుందాం. షెడ్యూలు లేని బ్యాటరీ ఉదయం 5 ఇచ్చి 9 రూకలు ఆదా చేస్తుంది. మిగతా 5 పగలంతా ఫ్రిజ్జుకూ ఫ్యాన్లకూ పోసి ఒక రూక పోగొడుతుంది. అసలు అవసరమైన సాయంత్రానికి ఖాళీ. రోజు మొత్తానికి మిగిలింది 8 రూకలు.

మరి ఎలా ఇవ్వాలి? రోజును చివరి నుంచి వెనక్కి చదవాలి. 1950లలో గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ 'డైనమిక్ ప్రోగ్రామింగ్' పేరుతో ఈ వెనకనడకను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దాడు. సాయంత్రం అన్నిటికంటే ప్రియం కాబట్టి ముందు దానికి 7 పక్కన పెట్టాలి. మిగిలిన 3 ఉదయానికి. లాభం సాయంత్రం 19.6, ఉదయం 5.4, మొత్తం 25 రూకలు. అదే బ్యాటరీ, అదే రాత్రి కరెంటు, మూడింతల ఆదా.

పాఠకుడు అడగని ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఉదయం 5 కావాల్సిన చోట 3 ఇచ్చాం. గాదెలో ఇంకా 7 ఉండగా, మిగతా రెండింటినీ 8 రూకలు పెట్టి ఎందుకు కొన్నాం? అవీ ఇచ్చేసి, మధ్యాహ్నం 6 రూకలకు మళ్ళీ నింపుకోవచ్చు కదా? చూద్దాం. 6ను 0.85తో భాగిస్తే 7.06. దానికి అరుగుదల 1.5 కలిపితే 8.56. మిగిలేది 8, ఖర్చు 8.56. ఇవ్వకూడదు.

గమనించారా, ఈ లెక్కలో రాత్రి కొన్న 4 రూకల ధర ఎక్కడా కనిపించలేదు. బ్యాటరీలో ఉన్న యూనిట్ విలువ దాన్ని ఎంతకు కొన్నామన్నది కాదు, దాని స్థానాన్ని మళ్ళీ నింపడానికి ఎంత అవుతుందన్నది. జలవిద్యుత్ ఇంజినీర్లు దీన్ని 'నీటి విలువ' అంటారు. జలాశయంలో నీరు వానగా ఉచితంగా వచ్చిందే, అయినా దాన్ని ఈరోజు వదిలితే రేపు ఏమి కోల్పోతామన్నదే దాని ధర. 1940లలోనే ఫ్రెంచి ఇంజినీరు పియెర్ మస్సే జలాశయాలకు ఈ లెక్క వేశాడు. బడిలో యూనిట్ అంటే కిలోవాట్లను గంటలతో హెచ్చవేయడం అని నేర్పి వదిలేస్తాం. అది ఏ గంట అని ఒక్క పరీక్షలోనూ అడగలేదు.

ఈ విలువ రోజురోజుకూ మారుతుంది. అదే ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలున్నాయనుకోండి. మధ్యాహ్నం మిగులు కరెంటుకు గ్రిడ్ ఏమీ ఇవ్వదనుకోండి. అప్పుడు తిరిగి నింపే ఖర్చు సున్నా, అరుగుదల 1.5 మాత్రమే. నిన్న ఇవ్వకూడదన్న ఆ రెండు యూనిట్లూ ఈరోజు తప్పక ఇవ్వాలి, ఒక్కోదానికి 6.5 మిగులుతుంది. మబ్బు పట్టి ఎండ రాకపోతే? ఒక్కోదానికి 0.56 నష్టం, అంతే. అంటే పది రోజుల్లో ఒక్కరోజు ఎండ కాసినా ఇవ్వడమే మేలు. వాతావరణ సూచన కచ్చితంగా ఉండాలని పట్టుబట్టేవారు ఈ రెండు అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేశాకే నింపాలన్న నమ్మకం ఇంకా వినిపిస్తోంది. అది నికెల్–కాడ్మియం కాలపు మాట. లిథియం బ్యాటరీకి అలాంటి మొక్కులేమీ లేవు, అడుగంటా ఊడ్చకపోవడమే దానికి హాయి. సాయంత్రం అయ్యాక రెండు యూనిట్లు మిగిలితే మిగలనివ్వండి. ఆ రాత్రి రెండు తక్కువ నింపితే సరి.

ఇక ఆ 25 రూకల్లో చిల్లు. ఇన్వర్టర్ ఏమీ చేయకుండా మేలుకుని ఉండడానికే కొంత తింటుంది. అది 50 వాట్లయితే రోజుకు 1.2 యూనిట్లు, సుమారు 7 రూకలు. 25లోంచి పోతే 18 మిగులుతుంది. షెడ్యూలు లేని 8లోంచి పోతే మిగిలేది ఒక్క రూక. మీ ఇంట్లో పోసినదానిలో నిజంగా ఎంత తిరిగి వస్తోందో తెలియాలంటే, బ్యాటరీ ఒకే మట్టంలో ఉన్న రెండు రోజులు ఎంచుకోండి, నెల ఎడంతో. ఆ నడుమ బ్యాటరీ నుంచి ఇంటికి వచ్చిన యూనిట్లను, గ్రిడ్ నుంచి, ఫలకాల నుంచి బ్యాటరీ లోపలికి పోయినవాటితో భాగించండి. 0.85 అనుకున్నది 0.75 వస్తే, పైన వేసిన ప్రతి తీర్పునూ మళ్ళీ లెక్క వేయాలి. రాత్రి యూనిట్ అప్పుడు 6.8 అవుతుంది. సౌర ఫలకాలు లేని ఇంట్లో మధ్యాహ్నం 6కు నింపి సాయంత్రం 9కి వాడడం 0.85 దగ్గర 0.44 లాభం, 0.75 దగ్గర అరరూక నష్టం.

నా ఇంట్లో మొదటి నెల లెక్క కుదరలేదు. కారణం బ్యాటరీ కాదు, గడియారం. ఇన్వర్టర్‌లోని గడియారం 25 నిమిషాలు వెనక ఉంది. రాత్రి నింపడం చవక వేళ దాటాక కూడా 25 నిమిషాలు సాగింది, సాయంత్రం ఇవ్వడం 25 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. బిల్లు వేసేది మీటరులోని గడియారం. ఇప్పుడు నెలకోసారి మీటరు ముందు నిలబడి, రెండు గడియారాలూ ఒకే నిమిషం చూపిస్తున్నాయో లేదో సరిచూసుకుంటున్నాను.