ఎక్సర్‌సైజ్ సైకిల్ అమ్మేవాళ్లలో అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో వ్యాయామ పరికరాల షాపు నడుపుతున్నాను, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతాను. ఇంట్లో తొక్కే సైకిల్ రిటర్న్ వచ్చిందంటే చాలాసార్లు అందులో లోపమేమీ ఉండదు. కొన్నవాళ్లకు అది సరిపోలేదు, అంతే. సరిపోదని వాళ్లకు ముందే తెలిసేలా మనం రాయడం లేదు.

అపోహ: సీటు పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి ఎంత ఎత్తువాళ్లయినా తొక్కొచ్చు.

జరుగుతుంది, కానీ ఒక హద్దు వరకే. ఇబ్బంది ఎక్కువగా పొట్టిగా ఉన్నవాళ్లకే వస్తుంది. మోకాళ్ల నొప్పులనో షుగర్ అనో కొడుకు అమ్మ కోసం సైకిల్ తెప్పిస్తాడు. తర్వాత ధర్మవరం నుంచో గుంతకల్లు నుంచో ఫోన్ వస్తుంది: "అన్నా, సీటు మొత్తం దించినా అమ్మకు కాళ్లు సరిగ్గా అందడం లేదు."

దీన్ని టేపుతో ముందే తేల్చవచ్చు. సీటును పూర్తిగా దించి, పెడల్‌ను కింది చివరకు తెచ్చి, పెడల్ పైభాగం నుంచి సీటు పైభాగం దాకా కొలవండి. తర్వాత సీటును పూర్తిగా ఎత్తి మళ్లీ కొలవండి. తొక్కేవాళ్ల కాలి పొడవును, అంటే కాళ్ల మధ్య నుంచి నేల వరకు చెప్పులు లేకుండా తీసిన కొలతను, 1.09తో గుణిస్తే వాళ్లకు కావలసిన సీటు ఎత్తు సుమారుగా వస్తుంది. సైకిల్ పోటీల్లో పాల్గొనేవాళ్లు సీటు సరిచేసుకునే పాత లెక్క ఇదే.

ఒక సైకిల్‌లో ఆ రెండు కొలతలు 78, 96 సెంటీమీటర్లు అనుకుందాం. 1.09తో భాగిస్తే 71.5, 88 వస్తాయి. కాలి పొడవు సాధారణంగా మనిషి ఎత్తులో 45 నుంచి 47 శాతం ఉంటుంది. ఆ లెక్కన ఈ సైకిల్ సుమారు 5 అడుగుల 3 అంగుళాల నుంచి 6 అడుగుల 2 అంగుళాల వరకు సరిపోతుంది. 5 అడుగుల అమ్మకు దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. సీటు అంతకంటే 3 సెంటీమీటర్లు పైనే ఆగిపోతుంది. తొక్కేటప్పుడు మునివేళ్లు సాచాల్సి వస్తుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది, కాసేపటికే నొప్పి మొదలవుతుంది. సీటు కాస్త తక్కువ ఎత్తులో ఉంటే సర్దుకోవచ్చు, ఎక్కువైతే సర్దుకోలేం. అందుకే కనిష్ఠ ఎత్తు రాయడం గరిష్ఠం కంటే ముఖ్యం. ఒకే ఎత్తు ఉన్నవాళ్లలోనూ కాళ్ల పొడవు తేడాగా ఉంటుంది కాబట్టి అడుగుల లెక్కతో పాటు కాలి కొలత కూడా ఇవ్వండి.

అపోహ: బరువు ఒక్క అంకెలో చెప్పేస్తే చాలు.

సైకిల్ పెట్టె మీద చాలా బరువులుంటాయి: మోయగల మనిషి బరువు, సైకిల్ బరువు, పెట్టె బరువు, లోపల తిరిగే ఫ్లైవీల్ బరువు. ఉత్త "110 కేజీలు" అని రాస్తే కొనేవాళ్లకు ఏమర్థమవుతుంది? "తొక్కే మనిషి బరువు 110 కేజీలు మించకూడదు" అని రాయాలి. ఆ అంకె తయారీదారు మాన్యువల్‌లో ఉన్నదే అయి ఉండాలి. పక్క షాపువాళ్లు 130 రాశారని మనమూ పెంచకూడదు. వెయిట్ బెంచ్ అయితే ఇంకా జాగ్రత్త. మాన్యువల్‌లో మొత్తం లోడు 200 కేజీలని ఉంటే అందులో మనిషి కూడా కలిసే ఉంటాడు. 80 కేజీల మనిషి, 20 కేజీల రాడ్ పోతే ప్లేట్లకు మిగిలేది 100 మాత్రమే.

అపోహ: "సులభంగా బిగించుకోవచ్చు" అని రాస్తే అమ్ముడవుతుంది.

అమ్ముడవుతుంది, తర్వాత పెడల్ విరిగిందని ఫోన్ వస్తుంది. అసలు కారణం ఎడమ పెడల్. దాని మర అపసవ్య దిశలో ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపుకు ఎదురుగా తిప్పి బిగించాలి. ఆ సంగతి తెలియక మామూలుగా తిప్పితే ఒకటి రెండు చుట్లకే గట్టిపడి, పెడల్ వంకరగా కూర్చుంటుంది. అక్కడ ఆపకుండా స్పానర్‌తో బలవంతం చేస్తే క్రాంక్‌లో మర అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా వదులైపోతుంది, తొక్కినప్పుడల్లా టక్ టక్ మంటుంది. క్రాంక్ మార్చడం తప్ప దారి లేదు. ఈ ఒక్క విషయం ఫోటోతో సహా లిస్టింగ్‌లోనే పెట్టండి. పెట్టె ఎంత బరువో, ఎత్తడానికి ఇద్దరు కావాలో లేదో, స్పానర్లు లోపలే ఉన్నాయో లేదో, మొదటిసారి బిగించేవాళ్లకు ఎంతసేపు పడుతుందో రాయండి. ఆ సమయం మెకానిక్‌తో కాదు, అలవాటు లేని మనిషితో బిగించి చూసి రాయాలి.

అపోహ: హద్దులు రాస్తే గిరాకీ పోతుంది, రిటర్న్ వచ్చినా తీసుకోం.

చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోను అనే వీలు, 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం, అమ్మేవాడికి లేదు. "అందరికీ సరిపోతుంది" అన్నది మనం చెప్పిన లక్షణమే. నా లిస్టింగ్‌లో రెండో ఫోటోగా పెట్టేది ఇదే, ఎందుకంటే కింద ఉన్న వివరణ చాలామంది చదవరు:

"తొక్కేవారి బరువు: 110 కేజీల లోపు. ఎత్తు: 5 అడుగుల 3 అంగుళాల నుంచి 6 అడుగుల 2 అంగుళాలు. కాలి కొలత: 71.5 నుంచి 88 సెంటీమీటర్లు. పెట్టె 30 కేజీలు, ఎత్తడానికి ఇద్దరు కావాలి. బిగించడానికి సుమారు గంటన్నర, స్పానర్లు లోపలే ఉన్నాయి. ఎడమ పెడల్‌ను గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి."