ఎనర్జీ టైమర్లు, రోజువారీ లాగిన్ బహుమతులు: అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో ఇంటి నుంచే మొబైల్ గేముల డిజైన్ పని చేస్తున్నాను. ఉచిత గేముల్లో నా పని చాలావరకు అంకెలతోనే. ఆడటానికి ఖర్చయ్యే ఎనర్జీ, అంటే లైఫ్‌ల వంటివి, ఒక్కోటి ఎన్ని నిమిషాలకు రావాలి, గరిష్ఠంగా ఎన్ని నిల్వ ఉండాలి, గేములో రోజు ఎప్పుడు మారాలి అన్నవి తేల్చడమే ఆ పని. ఆడేవాళ్ల దినచర్య మీద ఈ అంకెల ప్రభావం చాలా ఉంటుంది. అయితే ఏ అంకె ఏం చేస్తుందన్న విషయంలో మాత్రం అపోహలే ఎక్కువగా వినిపిస్తాయి.

అపోహ: ఎనర్జీ ఎంత నెమ్మదిగా నిండితే, మనం అన్నిసార్లు గేము తెరుస్తాం.

వాస్తవం: మనల్ని మళ్లీ మళ్లీ రప్పించేది నిండే వేగం ఒక్కటే కాదు, గరిష్ఠ పరిమితి కూడా. నిజానికి పరిమితిదే పెద్ద పాత్ర. క్యాండీ క్రష్ సాగాలో గరిష్ఠంగా 5 లైఫ్‌లు ఉంటాయి, 30 నిమిషాలకు ఒకటి వస్తుంది. అంటే ఖాళీ అయినవి రెండున్నర గంటల్లో నిండిపోతాయి. ఆ తర్వాత, మిద్దె మీద ట్యాంకు నిండగానే నీళ్లు ఆగిపోయినట్లు, లెక్క ఆగిపోతుంది. 24 గంటల్లో 48 లైఫ్‌లు రావాల్సిన చోట, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు మాత్రమే తెరిచి, ప్రతిసారీ ఉన్నవన్నీ వాడేసే మనిషికి దక్కేవి 15 మాత్రమే. మిగిలిన 33 ఎప్పటికీ పుట్టవు. అవి కూడా కావాలంటే రెండున్నర గంటలకోసారి రావాలి. గేములో ఎక్కడా రాసి ఉండకపోయినా, 5 అన్న అంకె చెప్పేది ఇదే.

ఇదే సూత్రం తిరగబడి పనిచేసిన ఉదాహరణ గెన్షిన్ ఇంపాక్ట్. అందులో ఎనర్జీని రెజిన్ అంటారు. 8 నిమిషాలకు ఒకటి చొప్పున రోజుకు 180 వస్తాయి. 2020లో గేము విడుదలైనప్పుడు పరిమితి 120 కాబట్టి 16 గంటల్లో నిండిపోయేది, రోజుకు ఒక్కసారి వచ్చేవాళ్లు 60 రెజిన్ కోల్పోయేవాళ్లు. తర్వాత పరిమితిని 160కి పెంచినప్పుడు ఆ నష్టం 20కి తగ్గింది. 2024లో 200 చేశాక నిండడానికి 26 గంటల 40 నిమిషాలు పడుతుంది కాబట్టి, రోజూ ఒకే వేళకు వచ్చే మనిషికి నష్టమే లేదు. ఇన్ని మార్పుల్లోనూ 8 నిమిషాలు అలాగే ఉన్నాయి. వేగాన్ని ముట్టుకోకుండా, పరిమితి ఒక్కటే మార్చి, ఆడేవాళ్ల మీద ఒత్తిడిని ఎంతగా తగ్గించవచ్చో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఎనర్జీ దేనికి ఖర్చవుతుందన్నది కూడా చూడాలి. క్యాండీ క్రష్‌లో లెవెల్ ఓడిపోతేనే లైఫ్ పోతుంది, గెలుస్తున్నంత సేపు ఎంతైనా ఆడుకోవచ్చు. రెజిన్ అలా కాదు, గెలిచినా బహుమతి తీసుకోవడానికి దాన్ని ఖర్చు పెట్టాల్సిందే.

అపోహ: గేము మూసేసినా టైమర్ లోపల నడుస్తూనే ఉంటుంది.

వాస్తవం: ఎక్కడా ఏదీ నడవదు. చివరిసారి లెక్క కట్టినప్పుడు ఎన్ని లైఫ్‌లు ఉన్నాయో, అప్పుడు సమయం ఎంతో మాత్రమే రాసి పెట్టి ఉంటాయి. మనం మళ్లీ తెరిచినప్పుడు మధ్యలో గడిచిన కాలాన్ని 30 నిమిషాలతో భాగించి, వచ్చినన్ని లైఫ్‌లు కలుపుతారు. సాయంత్రం 6:10కి రెండు లైఫ్‌లతో మూసి 7:25కి తెరిస్తే, గడిచిన 75 నిమిషాలకు రెండు లైఫ్‌లు కలిసి నాలుగవుతాయి, మిగిలిన 15 నిమిషాలు తర్వాతి లైఫ్ లెక్కలోకి వెళ్తాయి.

కొత్తగా గేములు చేసేవాళ్లు తరచుగా తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. లైఫ్‌లు కలిపాక, రాసి పెట్టిన సమయాన్ని 7:10కి జరపాల్సింది పోయి 7:25కి మార్చేస్తారు. ఆ 15 నిమిషాలు మాయమవుతాయి. ఇలాంటి గేమును 20 నిమిషాలకోసారి తెరిచి చూసే మనిషికి ఎంతసేపైనా ఒక్క లైఫ్ కూడా రాదు. మీ గేములో ఈ లోపం ఉందో లేదో తెలుసుకోవడం తేలిక: టైమర్ 12 నిమిషాలు చూపిస్తున్నప్పుడు గేమును పూర్తిగా మూసి వెంటనే తెరవండి, మళ్లీ 30 నిమిషాల నుంచి మొదలైతే లోపం ఉన్నట్లే.

ఫోన్‌లో గడియారం ముందుకు జరిపితే లైఫ్‌లు వస్తాయన్న చిట్కా కూడా ఈ భాగహారం నుంచే పుట్టింది. ఫోన్ సమయాన్ని నమ్మే గేముల్లో అది పనిచేస్తుంది, సర్వర్ సమయాన్ని అడిగే గేముల్లో పనిచేయదు.

అపోహ: రోజూ తెరిస్తే చాలు, స్ట్రీక్, అంటే వరుసగా వచ్చిన రోజుల లెక్క, తెగదు.

వాస్తవం: గేము లెక్కించే రోజు వేరు, మన రోజు వేరు. కర్నూలు బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్న, నాకు వరసకు తమ్ముడయ్యే అబ్బాయి ఒకసారి ఫోన్ చేసి, "అన్నా, నేను ఒక దినం కూడా ఇడ్సలేదు, అయినా లెక్క మళ్లా ఒకటో దినానికే వచ్చింది" అని చాలా బాధపడ్డాడు. ఏ రోజు ఎన్ని గంటలకు తెరిచాడో అడిగితే విషయం తేలింది. సోమవారం పొద్దున 6 గంటలకు, మంగళవారం అంగడి ముందుగా తీయాల్సి వచ్చి 5 గంటలకు, బుధవారం మళ్లీ 6 గంటలకు తెరిచాడు.

చాలా గేముల్లో రోజు మారేది ప్రపంచమంతటికీ ప్రామాణికమైన యూటీసీ సమయం ప్రకారం అర్ధరాత్రికి, అంటే మన దగ్గర తెల్లవారుజామున 5:30కి. ఆ లెక్కన సోమవారం 6 గంటలు గేముకూ సోమవారమే. మంగళవారం 5 గంటలు మాత్రం గేముకు ఇంకా సోమవారం రాత్రి పదకొండున్నర. బుధవారం 6 గంటలకు గేములోనూ బుధవారం వచ్చేసింది. గేము దృష్టిలో అతను సోమవారం రెండుసార్లు వచ్చాడు, మంగళవారం అసలు రాలేదు. మంగళవారం మరో అరగంట ఆగి తెరిచి ఉంటే స్ట్రీక్ నిలిచేది. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. రోజు ఎప్పుడు మారుతుందో తెర మీద చూపించకపోవడం గేము చేసినవాళ్ల తప్పు, ఈ మాట నేను నా తోటివాళ్లతో కూడా గట్టిగానే అంటాను.

గేము రోజును ఆడే మనిషి ఊరి సమయానికే కట్టేయవచ్చు కదా అని అడుగుతారు. అలా చేస్తే ఫోన్‌లో టైమ్ జోన్ మార్చి ఒకే రోజు రెండు బహుమతులు తీసుకోవచ్చు. అందుకే చాలామంది సర్వర్‌కు ఒక స్థిర సమయం పెట్టుకుంటారు. గెన్షిన్ ఆసియా సర్వర్‌లో రోజు మారేది అక్కడి లెక్కన తెల్లవారుజాము 4 గంటలకు, మనకు రాత్రి 1:30కి.

అపోహ: స్ట్రీక్ ఎంత కఠినంగా ఉంటే ఆడేవాళ్లు అంత నమ్మకంగా వస్తారు.

వాస్తవం: తెగే దాకా వస్తారు. ఇరవయ్యో రోజున అంతా పోయి మొదటికి వచ్చిన మనిషి మర్నాడు మళ్లీ మొదలుపెట్టడం కన్నా గేమే తీసేయడం ఎక్కువగా చూస్తాం, ఎందుకంటే అప్పటికి అతన్ని పట్టి ఉంచింది ఆట కాదు, పోగుపడిన రోజుల లెక్క. అందుకే ఇప్పుడు చాలా గేముల లాగిన్ బహుమతుల క్యాలెండర్లలో వరుసగా వచ్చిన రోజులు కాకుండా మొత్తం వచ్చిన రోజులు లెక్కపెడుతున్నారు. ఒక రోజు తప్పితే ఆ రోజు బహుమతి ఆలస్యమవుతుంది, అంతే. మీ గేము ఏ రకమో తెలియాలంటే ఒక రోజు కావాలని వదిలేసి, మర్నాడు 5:30 దాటాక తెరిచి చూడండి: క్యాలెండర్ ఆగిన గడి నుంచే కొనసాగితే మొత్తం రోజుల లెక్క, మొదటి గడికి వెళ్తే వరుస లెక్క.