దీపం కింద చీకటి: యాంటెన్నాల గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయం ఉంది. ఐదు టవర్లు, వాటి వెనుక విల్లాల వరుస. అక్కడి నీటి మీటర్లు ప్రతి గంటకూ రీడింగును రేడియో ద్వారా పంపాలి. దాన్ని అందుకునే గేట్‌వే మధ్య టవరు పైకప్పు మీద ఉంటుంది. సంఘం కార్యదర్శి గారిది అనంతపురం. ఫోనులో ఆయన చెప్పిన సమస్య ఇది: “మూడు వందల యాభై మీటర్ల అవతల ఉన్న విల్లాల రీడింగులు ఒక్కటి కూడా తప్పకుండా వస్తున్నాయండీ. పక్క టవరు కిందివి మాత్రం రోజుకు ఇరవై నాలుగు రావలసింది, ఐదో ఆరో వస్తున్నాయి. ఎనిమిది డీబీఐ యాంటెన్నా పెట్టించాం. పన్నెండుది తెప్పించమంటారా?”

పన్నెండుది పెడితే ఆ ఐదారు కూడా రావు. ఎందుకో చెప్పడానికి మొదటి అపోహ చాలు.

అపోహ: గెయిన్ ఎక్కువైతే సిగ్నల్ అన్ని వైపులా పెరుగుతుంది.

యాంటెన్నాలో బ్యాటరీ లేదు. లోపలికి వెళ్లిన శక్తికి అది చిటికెడు కూడా కలపదు. ఉన్న శక్తిని ఒక వైపు తగ్గించి మరో వైపు పెంచుతుంది, అంతే. ఆ పెరుగుదలే గెయిన్. అన్ని వైపులా సమానంగా పంచే ఊహా యాంటెన్నాతో పోల్చి దాన్ని డీబీఐలో చెబుతారు. చపాతీ పిండి ముద్దలాగే: పలచగా ఒత్తితే వెడల్పు పెరుగుతుంది, పిండి పెరగదు.

సాదా డైపోల్‌ను, అంటే మధ్యలో కేబుల్ తగిలే ఒంటి కడ్డీని, నిలువుగా నిలబెడితే దాని గెయిన్ 2.15 డీబీఐ. చుట్టూ అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుంది. పైకీ కిందికీ చూస్తే మాత్రం పుంజం వెడల్పు, అంటే శక్తి సగానికి తగ్గే రెండు అంచుల మధ్య కోణం, దాదాపు 78 డిగ్రీలు. కార్యదర్శి గారు పెట్టించిన తెల్లటి ఫైబర్ గొట్టం లోపల అలాంటి డైపోల్‌లే ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. అలా పేర్చినందువల్లే 8 డీబీఐ వచ్చింది. ప్రతిఫలంగా నిలువు పుంజం దాదాపు 15 డిగ్రీలకు కుదించుకుపోయింది. అంటే దిగంతానికి పైన ఏడున్నర, కింద ఏడున్నర.

ఇప్పుడు కొలతలు చూద్దాం. గేట్‌వే ఎత్తు 42 మీటర్లు. విల్లాలు 350 మీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి వాటిని చూడటానికి యాంటెన్నా దాదాపు 7 డిగ్రీలు కిందికి చూస్తే సరిపోతుంది. పుంజం అంచు అక్కడికి అందుతుంది. పక్క టవరు మీటర్ల గుంత 30 మీటర్ల దూరంలోనే ఉంది, కానీ దాన్ని చూడాలంటే 54 డిగ్రీలు కిందికి దిగాలి. అక్కడ ఆ యాంటెన్నాకు దాదాపు ఏమీ కనపడదు. దీపం కిందే చీకటి అన్న మాట ఇలాంటి గొట్టాలకు అక్షరాలా సరిపోతుంది.

ఆ గొట్టం విప్పి సాదా డైపోల్ పెట్టాను. కార్యదర్శి గారు నమ్మలేదు. తక్కువ గెయిన్‌దానికి మారడానికి నన్నెందుకు పిలిచానా అన్నట్టు చూశారు. 54 డిగ్రీల దగ్గర డైపోల్ కూడా గరిష్ఠ స్థాయి కంటే 6 డీబీ తగ్గుతుంది, అంటే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, అటువైపు దాని గెయిన్ -4 డీబీఐ. అయినా గుంతలోని మీటరు సిగ్నల్ -122 నుంచి -113 డీబీఎంకు పెరిగింది. డీబీఎం అంటే సిగ్నల్ బలం, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. విల్లాల వైపు ఎంత పోయింది? కాగితం మీద 8 నుంచి 2.15కు, దాదాపు 6 డీబీ పోవాలి. కానీ పాత యాంటెన్నా విల్లాలను పుంజం అంచుతోనే చూసేది కనుక అక్కడ దాని అసలు గెయిన్ ఐదున్నరే. నష్టం మూడున్నర డీబీలోపే. విల్లాలకు ఒక్క రీడింగూ తప్పలేదు.

వైఫై పెట్టె కడ్డీలు కూడా డైపోల్‌లే. కడ్డీ కొనను గది వైపు గురిపెట్టి, తుపాకీలా అటు పేలుతుందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. డైపోల్ కొన వైపే దాని శూన్యస్థానం ఉంటుంది.

అపోహ: బల్లపరుపు ప్యాచ్ అంటే బలహీనమైనది, ఇంటి లోపలికే పనికొస్తుంది.

ఈ అపోహ ఎక్కడ పుట్టిందో ఊహించగలను. జీపీఎస్ పరికరాల్లో ఉండే గోరంత సిరామిక్ ప్యాచ్‌ను చూసి అన్నిటికీ అదే కొలత అనుకుంటారు. నేను చెప్పేది పలక ఆకారంలో వచ్చే పెద్ద ప్యాచ్ గురించి. లోహపు రేకు, దాని వెనుక కొంచెం ఎడంలో మరో పెద్ద లోహపు పలక. సాధారణంగా గెయిన్ 8 డీబీఐ, పుంజం రెండు వైపులా సుమారు 70 డిగ్రీలు. వెనక్కి పోయేది చాలా తక్కువ.

అంటే అంకె చూస్తే ఆ తెల్ల గొట్టానిదీ ఇదే 8. ఒకటి చుట్టూ పలచని పళ్లెంలా పరిచింది, మరొకటి ఒకే వైపు గిన్నెలా పోసింది. అంకె ఒకటే అయినా పని వేరు. అందుకే పెట్టె మీద గెయిన్ చూసి యాంటెన్నా కొనేవారితో నాకు పేచీ.

పక్క టవరు గుంతలకు ఇదే మందు. పిట్టగోడ బయటి వైపు ప్యాచ్‌ను 45 డిగ్రీలు కిందికి వంచి, రెండో చిన్న గేట్‌వేకు కలిపాను. గుంత ఉన్న దిక్కు దాని పుంజం నడుమకు 9 డిగ్రీల పక్కన పడుతుంది. ఎంత పోతుందో చూడటానికి నేను వాడే లెక్క ఇది:

```
నష్టం (డీబీ) = 12 × (పక్కకు జరిగిన కోణం ÷ పుంజం వెడల్పు)²
```

12 × (9 ÷ 70)², అంటే 0.2 డీబీ. లెక్కలోకే రాదు. డైపోల్ -4 ఇచ్చిన చోట ప్యాచ్ దాదాపు 8 ఇచ్చింది. మీటరు -101 డీబీఎం చూపించింది. ఆ రాత్రి నుంచి రోజుకు 23కు తగ్గలేదు.

ఒక జాగ్రత్త. ప్యాచ్‌ను కిందికి వంచినప్పుడు నీరు కారే రంధ్రం ఎటు ఉందో చూసుకోవాలి. తలకిందులుగా బిగిస్తే తొలి వానకే లోపల నీరు నిలుస్తుంది. అప్పుడు యాంటెన్నా శ్రుతి తప్పుతుంది, సిగ్నల్ పడిపోతుంది. ఎండ కాస్తే తిరిగి వస్తుంది. వానను బట్టి వచ్చిపోయే లోపం కనపడితే ముందు ఆ రంధ్రాన్నే చూడండి.

అపోహ: యాగిని డిగ్రీ తేడా లేకుండా గురిపెట్టాలి, అడ్డమా నిలువా అన్నది ముఖ్యం కాదు.

సరిగ్గా తిరగేసి చదివితే వాస్తవం అవుతుంది.

యాగి అందరికీ తెలిసినదే. దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద ఉండే చేపముల్లు. 1926లో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయంలో షింటారో ఉడా, హిడెట్సుగు యాగి దాన్ని ప్రకటించారు. ఎక్కువ పని ఉడాది, పేరు మాత్రం యాగికి దక్కింది. వెనుక కొంచెం పొడవైన కడ్డీ అద్దంలా తిప్పికొడుతుంది, ముందున్న పొట్టి కడ్డీలు పుంజాన్ని ముందుకు లాగుతాయి. కేబుల్ తగిలేది మధ్యలోని ఒక్క కడ్డీకే.

ఆ సముదాయానికి చెరువు అవతల, 900 మీటర్ల దూరంలో ఒక బోరు ఉంది. దాని మోటారును ఆన్ ఆఫ్ చేసే రేడియోకు 12 డీబీఐ యాగి బిగించారు. వాన పడి అక్కడి కొబ్బరి చెట్లు తడిస్తే లింకు తెగిపోయేది, ట్యాంకరు పిలవాల్సి వచ్చేది. గురి తప్పిందేమోనని ఎలక్ట్రీషియన్ మూడుసార్లు మేడ ఎక్కి అటూ ఇటూ జరిపాడట. 12 డీబీఐ యాగి పుంజం సుమారు 40 డిగ్రీలు. పై లెక్క ప్రకారం 10 డిగ్రీలు తప్పినా పోయేది 0.75 డీబీ. అతను ఎంత జరిపినా మారేది ఆ కాస్తే.

నేను పైకి వెళ్లి చూస్తే కడ్డీలన్నీ నేలకు సమాంతరంగా ఉన్నాయి. “టీవీ యాంటెన్నాలు ఇలాగే పెట్టేవాళ్లం సార్” అన్నాడు. నిజమే, టీవీకి ఎదుటి స్టేషను కూడా అడ్డంగా పంపేది. ఇక్కడ బోరు షెడ్డు మీద ఉన్నది నిలువు కడ్డీ. విద్యుత్ క్షేత్రం కడ్డీ ఎటు ఉంటే అటే ఊగుతుంది, అదే ధ్రువణం. నిలువుగా ఊగే తరంగం అడ్డ కడ్డీలో విద్యుత్తును దాదాపు పుట్టించదు. రెండింటి మధ్య 45 డిగ్రీల తేడా ఉంటే 3 డీబీ పోతుంది. 90 డిగ్రీలైతే సిద్ధాంతం ప్రకారం మొత్తం పోవాలి. చెట్ల నుంచి, గోడల నుంచి చెదిరి వచ్చే కాస్త మిగులుతుంది. యాగిని కడ్డీలను మోసే దాని నడిమి బొంగు చుట్టూ పావు వంతు తిప్పాం. -104 డీబీఎం ఉన్నది -87కు వచ్చింది. 17 డీబీ, పైసా ఖర్చు లేకుండా.

నిలువుగా తిప్పాక ఒక కొత్త చిక్కు వస్తుంది. ఇనుప స్తంభం కడ్డీల మధ్యలోంచి పోతే అదే ఒక కడ్డీలా ప్రవర్తించి పుంజాన్ని చెడగొడుతుంది. అందుకే యాగిని వెనుక కొస దగ్గర పట్టించి, కడ్డీలన్నీ స్తంభానికి ముందుకు ఉండేలా బిగించాలి.

ధ్రువణం ప్రతి చోటా ఇంత కఠినంగా ఉండదని కూడా చెప్పాలి. మీటర్ల గుంతకు ఇనుప మూత ఉంది. దాని అంచుల నుంచి, గోడల నుంచి తరంగం ఎలా పడితే అలా చెదిరి వస్తుంది. అక్కడ ప్యాచ్‌ను నిలువు నుంచి అడ్డానికి తిప్పి చూశాను. తేడా రెండు మూడు డీబీలే. ఇలాంటి చోట్ల వృత్తాకార ధ్రువణం ఉన్న ప్యాచ్, అంటే క్షేత్రాన్ని గుండ్రంగా తిప్పుతూ పంపేది, దొరికితే అదే మేలు. నిటారు కడ్డీతో మాట్లాడేటప్పుడు 3 డీబీ వదులుకుంటాం, కానీ ఆ కడ్డీ ఎటు వాలినా ఆ మూడే.

అపోహ: లైసెన్సు అక్కర్లేని బ్యాండు కదా, ఎంత పెద్ద యాగి అయినా పెట్టుకోవచ్చు.

మన దేశంలో ఈ రేడియోలు వాడే 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండుకు 2005 నియమాలు రెండు హద్దులు పెట్టాయి: ట్రాన్స్‌మిటర్ 1 వాట్, ప్రసరించే ప్రభావ శక్తి 4 వాట్‌లు. ఈ రెండోది డైపోల్‌తో పోల్చి చెప్పే కొలత కాబట్టి డీబీఐలోంచి 2.15 తీసేయాలి. 1 వాట్ అంటే 30 డీబీఎం. దానికి 12 డీబీఐ యాగి తగిలిస్తే 39.85 వస్తుంది, అంటే 9 వాట్‌లు దాటినట్టే. ఆ హద్దు దాటకూడదంటే ట్రాన్స్‌మిటర్‌ను 26 డీబీఎంకు దించాలి. బోరు రేడియో 10 డీబీఎం మాత్రమే కాబట్టి మాకు ఆ బెంగ లేదు.

ఎస్.పి. రోడ్డులో యాంటెన్నా కొనేటప్పుడు కూడా ఈ 2.15 గుర్తుంచుకోండి. ఒక దుకాణంలో 10 అని ఉన్నది డైపోల్‌తో పోల్చి చెప్పే డీబీడీ, పక్క దుకాణంలో 12 అని ఉన్నది డీబీఐ కావచ్చు. రెండూ ఒకే వస్తువు.

కార్యదర్శి గారి తెల్ల గొట్టాన్ని పారేయలేదు. విల్లాల వెనుక కొత్త వరుస కడుతున్నారు, అది గేట్‌వేకు 700 మీటర్లు. అక్కడికి కిందికి చూడాల్సింది మూడున్నర డిగ్రీలే. దాని పని అప్పుడు మొదలవుతుంది.